‘మీ ఇష్టం’ అన్నప్పుడు ఏ సినిమా పెట్టాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. మా ఆఫీసులో పనిచేసే ఒక స్నేహితురాలు తనకు తెలిసిన అమ్మాయిని పరిచయం చేశారు. ఆమెది విశాఖపట్నం, ఇక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నారు. ఇప్పటిదాకా ఫోనులో మాట్లాడుకున్నాం, అంతే. పెద్దవాళ్లకు ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఆ స్నేహితురాలు, ఆమె భర్త మా ఇద్దరినీ ఇంటికి పిలిచారు. నలుగురం కలిసి సినిమా చూసి, తర్వాత భోంచేయాలని అనుకున్నాం. సినిమా ఎంపిక నాకు వదిలేశారు. ఆమెకు ఎలాంటివి నచ్చుతాయో నాకు తెలియదు. అడిగితే ‘మీ ఇష్టం, ఏదైనా పర్వాలేదు’ అన్నారు. హాయిగా సాగిపోయే ప్రేమకథ పెట్టాలని ఉంది. నాకు ‘సీతారామం’ ప్రాణం. అది పెట్టమంటారా? లేక మేమిద్దరమే థియేటరుకు వెళ్లడం మేలా? — ఎస్., కూకట్‌పల్లి

జవాబు: ‘సీతారామం’ వద్దండీ. అది చెడ్డ సినిమా అని కాదు, మీ ఆదివారానికి సరిపడే సినిమా కాదు. ఆ సినిమా ఇంకా చూడనివాళ్లు ఈ పేరాను దాటేసి ముందుకు వెళ్లండి, ముగింపు చెప్పేస్తున్నాను. ఉత్తరాలు, కాశ్మీరు మంచు, దుల్కర్ సల్మాన్ నవ్వు, మృణాల్ ఠాకూర్ చీరలు అన్నీ మనసుకు హాయిగానే ఉంటాయి. కానీ కథ నడిచేది వాళ్లిద్దరూ కలుస్తారన్న ఆశ మీద కాదు, ఇరవై ఏళ్లు ఆలస్యంగా అందిన ఒక ఉత్తరం మీద. ఆ ఉత్తరం చేరేసరికి రాసిన మనిషి లేడు. రెండు గంటల నలభై నిమిషాలు దాటాక తెర మీద పేర్లు పడుతుంటే చూసినవాళ్లు ముక్కు తుడుచుకుంటూ ఉంటారు. మీకు ప్రాణం కాబట్టి మీ కళ్లూ తడుస్తాయి. ఆ వెంటనే దీపాలు వేసి ‘రండి, భోంచేద్దాం’ అంటారు మీ స్నేహితురాలు. అప్పటికి గంటసేపు కూడా ముఖాముఖి మాట్లాడుకోని ఇద్దరు మనుషులు, ఎర్రబడ్డ కళ్లతో పప్పు వడ్డించుకుంటూ ఏం మాట్లాడుకుంటారు?

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. ప్రేమకథ అంటే హాయిగా ఉంటుందని, హాయి అంటే పాటలు బాగుంటాయని అనుకుంటారు. మన సినిమాల్లో మొదటి సగం సరదాగా నడవడం దాదాపు ఒక ఆనవాయితీ. కాలేజీ, స్నేహితుల గోల, రెండు పాటలు, చిన్న చిన్న తగాదాలు. అసలు బరువంతా విశ్రాంతి తర్వాత మొదలవుతుంది. ట్రైలరులో మనకు చూపించేది ఎక్కువగా ఆ మొదటి సగమే. అందుకే ట్రైలర్ చూసి ‘భలే సరదాగా ఉంది’ అనుకుని వెళ్లినవాళ్లు రెండో సగంలో ఆసుపత్రి వరండాలో తేలుతుంటారు. ‘ఓయ్’ ఇందుకు మంచి ఉదాహరణ. సిద్ధార్థ్, షామిలి నటించిన ఆ సినిమా 2009లో వచ్చింది. పాటలు వింటే పుట్టినరోజు కానుకలా ఉంటుంది. కథలో మాత్రం నాయికకు ప్రాణాంతకమైన జబ్బు. దాన్ని 2024లో ప్రేమికుల రోజున మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు నిండాయి. ఏడవడం కూడా ఒక సుఖమే, కాదనను. కాకపోతే ఆ సుఖం పంచుకోవడానికి ముందు కొంత పరిచయం ఉండాలి.

ఆమె అభిరుచి ఏమిటో ఊహించే ప్రయత్నం కూడా మానేయండి. ఫిజియోథెరపిస్టు కాబట్టి ఇలాంటివి చూస్తారని, విశాఖ అమ్మాయి కాబట్టి సముద్రం ఉన్న సినిమాలు ఇష్టమని లెక్కలు కట్టడం మొదలుపెడితే అంతు ఉండదు. మనిషి అభిరుచి తెలియనప్పుడు సినిమా స్వభావాన్ని చూసి ఎంచుకోవాలి. అందుకు నేను వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ కథలో ఇద్దరి మధ్య అడ్డు ఏమిటి?

ఏ ప్రేమకథకైనా అడ్డు ఉండాలి, లేకపోతే అరగంటలో అయిపోతుంది. ఆ అడ్డు మృత్యువో, జబ్బో, కులమో, మతమో, కత్తి పట్టిన అన్నయ్యో అయితే, మధ్యలో ఎన్ని నవ్వులు పెట్టినా కథ ఎప్పుడో ఒకప్పుడు ఆ బరువు దించక తప్పదు. అడ్డు ఆ ఇద్దరిలోనే ఉంటే, అంటే పంతమో, బద్ధకమో, మొహమాటమో, చిన్న అబద్ధమో అయితే, చివరిదాకా గాలి ఆడుతుంది. ఎందుకంటే అది తీరాలంటే ఎవరూ చావక్కరలేదు, ఎవరో ఒకరు నోరు విప్పి ఒక మాట చెబితే చాలు. ప్రేక్షకుడికి ఆ సంగతి మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. ‘చెప్పరేమయ్యా’ అని విసుక్కుంటూ, నవ్వుకుంటూ చూస్తాడు. ఫీల్‌గుడ్ అని మనం పిలుచుకునే సినిమాల్లో చాలావాటికి ప్రాణం అక్కడే ఉంది.

1955 నాటి ‘మిస్సమ్మ’ను తీసుకోండి. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడిన ఇద్దరు నిరుద్యోగుల కథ అది. పైకి మతం తేడా ఉన్నట్టు కనబడుతుంది గానీ, సినిమా పొడుగునా మనల్ని కూర్చోబెట్టేది ఆ అబద్ధం, సావిత్రి మూతి ముడుపు. ఇంత కాలమైనా ఆ చిట్కా పాతబడలేదు.

పేరును నమ్ముకుంటే మోసపోతారు. శేఖర్ కమ్ముల 2021లో తీసిన ‘లవ్ స్టోరీ’ పేరులోనే ప్రేమకథ ఉంది. నాగచైతన్య, సాయిపల్లవి డాన్సులు ఉన్నాయి. లోపల ఉన్నది కుల వివక్ష, చిన్నపిల్లల మీద లైంగిక వేధింపు. తీయవలసిన సినిమాయే, చూడవలసిన సినిమాయే. కానీ పక్కన కూర్చున్న మనిషి జీవితంలో ఏ గాయం ఉందో మీకు తెలియదు. తెలియని మనిషిని అలాంటి దృశ్యం ముందు కూర్చోబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

దర్శకుడి పేరూ పూర్తి హామీ కాదు. గౌతమ్ మీనన్ 2010లో ఒకే కథను తెలుగు, తమిళ భాషల్లో వేర్వేరు నటులతో తీశారు, రెండూ ఒకే రోజున విడుదలయ్యాయి. తెలుగులో ‘ఏ మాయ చేసావే’ జంట చివరికి ఒకటవుతుంది. తమిళంలో ఆ జంట విడిపోతుంది. కథ, ఏ.ఆర్. రెహమాన్ పాటలు, ఆ అమ్మాయి తటపటాయింపు అన్నీ దాదాపు ఒకటే. చివరి ఇరవై నిమిషాలు తేడా, అంతే. తెలుగు చూసినవాళ్లు ఇంటికి పాట పాడుకుంటూ వెళ్తారు, తమిళం చూసినవాళ్లు పాత ఫోను నంబర్లు వెతుక్కుంటారు. అందుకే ‘ఆ సినిమా బాగుంటుందట’ అన్న మాట విని ఆగిపోకండి. చివర్లో ఏమవుతుందో అడిగి తెలుసుకోండి. ముగింపు ముందే తెలిస్తే మజా పోతుందంటారా? ఈసారి మజా ఆమెకు దక్కితే చాలు, మీరు కాపలాదారు.

రెండో ప్రశ్న మగవాళ్లకు సాధారణంగా తట్టదు: నాయకుడు ఆ అమ్మాయిని ఎలా ఒప్పిస్తాడు? మన పాత, కొత్త సినిమాల్లో చాలావాటిలో ‘వద్దు’ అన్న మాట మీదే మూడు పాటలు నడుస్తాయి. బస్టాపులో కాపు కాస్తాడు, ఆమె ఫోను నంబరు ఎక్కడినుంచో సంపాదిస్తాడు, ఆమె స్నేహితురాలిని పట్టుకుని రాయబారాలు నడుపుతాడు. స్నేహితులతో కలిసి చూసినప్పుడు మీరు ఇవన్నీ గమనించి ఉండరు. ఆమె గమనిస్తారు. రోడ్డు మీద అలాంటి అనుభవం ఎదురుకాని ఆడపిల్ల మన ఊళ్లలో అరుదు. అలాంటి సన్నివేశం వచ్చినప్పుడు మీరు నవ్వితే, ఆ నవ్వు ఆమెకు గుర్తుండిపోతుంది.

‘ఆనంద్’ నాకు చాలా ఇష్టమైన సినిమా. 2004లో ‘మంచి కాఫీ లాంటి సినిమా’ అని ప్రచారం చేసుకుని వచ్చింది, మాట నిలబెట్టుకుంది. పెళ్లి పీటల దాకా వచ్చి, తన ఆత్మగౌరవం కోసం లేచి వెళ్లిపోయిన రూప లాంటి నాయిక అంతకుముందు మనకు తక్కువ. అయినా మీ ఆదివారానికి అది నా మొదటి ఎంపిక కాదు. ఒకటి, కథ మొదట్లోనే రూప తన కుటుంబాన్ని ప్రమాదంలో పోగొట్టుకుంటుంది. రెండు, ఆనంద్ ఎంత మర్యాదస్తుడైనా, పెళ్లి ఆగిపోయిన అమ్మాయిని చూసి మనసు పడి, ఆమె ఉండే చోటికే అద్దెకు దిగుతాడు. ఇద్దరూ ఇష్టపడి చూస్తే అది ఓపికగా కనిపిస్తుంది. కొత్త మనిషితో చూస్తే ‘ఇతనూ ఇలాగే వచ్చి మా వీధిలో దిగుతాడా’ అని ఒక క్షణం తోచినా తోచవచ్చు. మూడోసారి కలిసినప్పుడు చూడండి, అప్పటికి ఆ సినిమా గురించి పోట్లాడుకునేంత చనువు వస్తుంది.

ఇక మీకు పనికొచ్చే సంగతి. నేనైతే ‘పెళ్ళి చూపులు’ను ముందు పెడతాను. తరుణ్ భాస్కర్ తొలి సినిమా, 2016లో వచ్చింది, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. అవార్డు సంగతి అలా ఉంచి, పైన చెప్పిన ప్రశ్నలను దాని మీద వేసి చూద్దాం.

విజయ్ దేవరకొండ పాత్ర పేరు ప్రశాంత్. ఇంజనీరింగు ఎలాగో గట్టెక్కాడు, వంట తప్ప దేనిమీదా ధ్యాస లేదు. పెళ్లి చేస్తే బాగుపడతాడని తండ్రి ఆశ. రీతూ వర్మ పాత్ర చిత్ర. వ్యాపారం చేయాలని, ఆస్ట్రేలియా వెళ్లాలని లెక్కలు వేసుకుని కూర్చున్న అమ్మాయి. పెళ్లిచూపులకని బయల్దేరిన ప్రశాంత్ కుటుంబం చిరునామా తప్పి చిత్ర వాళ్లింటికి వస్తుంది. మాట్లాడుకోమని పంపిన గదిలో ఇద్దరూ ఇరుక్కుపోతారు. ఎలాగూ పని లేదు కాబట్టి ఒకరి గతం మరొకరికి చెప్పుకుంటారు.

ఇక్కడ అడ్డు ఏమిటో చూశారా? అతనికి బద్ధకం. ఆమెకు తొందర. అతను ఏ పనీ చివరిదాకా చేయడు, ఆమె ఒక పని మొదలుపెట్టాక ఎవరికోసమూ ఆగదు. తర్వాత ఇద్దరూ కలిసి ఫుడ్ ట్రక్కు నడుపుతున్నప్పుడు ఈ రెండు స్వభావాలూ రోజూ ఢీకొంటాయి. మధ్యలో వేరే సంబంధం, విదేశీ ప్రయాణం వస్తాయి గానీ అవి తీర్చలేని చిక్కులు కావు. విలన్ లేడు, రక్తం లేదు, ఆసుపత్రి లేదు. ఆ ఇద్దరూ తమ మనసులో మాట తాము గుర్తించాలి, అంతే.

ఒప్పించడం సంగతి ఇంకా బాగుంటుంది. అతను ఆమె వెంట పడడు. ఆమె దగ్గర పని చేస్తాడు. వ్యాపారంలో ఆమె మాటే చెల్లుతుంది, అతను వండుతాడు. ఒకరి పనితనాన్ని మరొకరు చూసి ఇష్టపడటం మన తెర మీద చాలా తక్కువగా కనిపించే విషయం. ఉద్యోగం చేస్తున్న అమ్మాయి పక్కన కూర్చుని చూడటానికి ఇంతకన్నా క్షేమకరమైన సినిమా నాకు చప్పున గుర్తుకు రాదు.

నిడివి రెండు గంటలకు కాస్త ఎక్కువ. ఇది చిన్న విషయం అనుకోకండి. ‘అంటే సుందరానికీ’ కూడా తెలివైన, నవ్వించే సినిమాయే. కానీ దాదాపు మూడు గంటలు. పైగా రెండు మతాల కుటుంబాలు, పిల్లలు పుట్టడం గురించి అబద్ధాలు, ఆ అబద్ధాల పర్యవసానాలు ఉంటాయి. తొలిసారి కలిసినప్పుడు ‘మీ ఇంట్లో మతం విషయంలో ఎలా ఉంటారు’ అన్న చర్చ సినిమా పుణ్యమా అని మీ మధ్యకు రావడం అవసరమా? వస్తే మీ అంతట మీరు తెచ్చుకున్నప్పుడు రావాలి. పైగా కొత్త చోట, కొత్త మనుషుల మధ్య మూడు గంటలు కదలకుండా కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. నడుము నొప్పుల గురించి ఆమెకు మీకంటే బాగా తెలుసు.

మరి ‘పెళ్ళి చూపులు’లో చిక్కు లేదా? ఉంది, పేరులోనే ఉంది. ఒక స్నేహితురాలు పరిచయం చేసిన ఇద్దరు, ఆమె ఇంట్లో కూర్చుని, ఆ పేరున్న సినిమా చూడటం. కొందరు పగలబడి నవ్వుతారు. కొందరికి ‘ఇదేమిటి, అప్పుడే అంత దూరం వెళ్లాడు’ అని గుండెలో రాయి పడుతుంది. ఆమె ఏ రకమో మీకు తెలియదు. కాబట్టి ఆ పేరును ఆదివారం తెర మీద హఠాత్తుగా చూపించకూడదు, ముందే చెప్పాలి. పక్కన ఇంకో పేరు కూడా ఉండాలి.

ఆ రెండో పేరు ‘అష్టా చమ్మా’. ఇంద్రగంటి మోహనకృష్ణ 2008లో తీశారు, నానికి అది తొలి సినిమా. ఆస్కార్ వైల్డ్ నాటకం ఆధారంగా అల్లిన కథ. నాయిక లావణ్యకు మహేష్ అన్న పేరంటే పిచ్చి. ఆ పేరున్నవాడినే పెళ్లి చేసుకుంటానని భీష్మించుకుని కూర్చుంటుంది. దొరికిన మహేష్ అసలు పేరు రాంబాబు. కథలో అడ్డు అదొక్కటే, ఒక పేరు! అంతకంటే తేలికైన అడ్డును ఎవరూ కనిపెట్టలేరు. స్వాతి, నాని, అవసరాల శ్రీనివాస్, భార్గవి నలుగురూ పోటీపడి మాటలు విసురుకుంటారు. నాయకుడు అబద్ధమాడతాడు కదా అంటారేమో. ఆడతాడు, కానీ ఆ అబద్ధం వల్ల ఎక్కువ తిప్పలు పడేది అతనే, సినిమా నవ్వేది కూడా అతన్ని చూసే.

దానికి ఒక్క షరతు ఉంది. అది చెవులతో చూడవలసిన సినిమా. నవ్వంతా సంభాషణలో ఉంటుంది. గదిలో మీ స్నేహితురాలి భర్త ఫోనులో మాట్లాడుతూ, వంటింట్లో మిక్సీ తిరుగుతూ ఉంటే సగం జోకులు గాలికి పోతాయి. ‘పెళ్ళి చూపులు’ అలా కాదు. కాసేపు మాటలు వినబడకపోయినా ముఖాలు చూసి కథ పట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆమెకు మెసేజీ పంపండి. ‘మీకు ఎలాంటి సినిమాలు ఇష్టం?’ అని అడగకండి. అది ఇంటర్వ్యూ ప్రశ్న, దానికి ఎవరైనా ‘అన్నీ చూస్తానండీ’ అనే అంటారు. ‘మీ ఇష్టం’ అన్న జవాబు వచ్చింది కూడా అలాంటి ప్రశ్నకే. రెండు పేర్లు ఇచ్చి ఎంచుకోమంటే మనిషికి సులువు. ఇలా రాయవచ్చు: ‘ఆదివారానికి రెండు అనుకుంటున్నాను. ఒకటి అష్టా చమ్మా, ఇంకోటి పెళ్ళి చూపులు. రెండో దాని పేరు చూసి కంగారు పడకండి, అందులో వంట ఎక్కువ, పెళ్లి తక్కువ. మీరు ఇదివరకే చూసేసినవైతే చెప్పండి. ఈమధ్య సగంలో ఆపేసిన సినిమా ఏదైనా ఉంటే అదీ చెప్పండి, అలాంటిది పెట్టకుండా జాగ్రత్తపడతాను.’

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. నచ్చిన సినిమా చెప్పమంటే మనుషులు పరువు చూసుకుంటారు. మంచి పేరున్న సినిమాల పేర్లే చెబుతారు. సగంలో ఆపేసిన సినిమా గురించి అడిగితే నిజం చెబుతారు, అదీ ఉత్సాహంగా. ‘హీరో ఊరికే అరుస్తున్నాడని కట్టేశాను’ అన్నారనుకోండి, మీకు ఒక పెద్ద సమాచారం దొరికినట్టే. ‘ఏడుపు ఎక్కువైంది’ అంటే ఇంకొకటి. ‘ఆస్పత్రి సీన్లు తప్పుతప్పుగా తీశారు’ అన్నా ఆశ్చర్యం లేదు, రోజూ ఆ ఆసుపత్రుల్లోనే తిరిగే మనిషి.

రెండూ చూసేశానంటే? చూసిన సినిమా అంటే పనికిరానిది కాదు. ‘మళ్లీ చూస్తారా’ అని అడగండి. మనసుకు హాయినిచ్చే సినిమాలను మనం ఇంట్లో టీవీలో ఎన్నోసార్లు చూస్తాం, విసుగు రాదు. కొత్తది కావాలంటే ‘ప్రేమలు’ ఉంది. గిరీశ్ ఏ.డి. తీసిన మలయాళ సినిమా, 2024లో తెలుగులో కూడా వచ్చింది. కేరళ నుంచి హైదరాబాదు వచ్చిన కుర్రాడు, ఇక్కడ ఐటీ ఉద్యోగం చేసే మలయాళీ అమ్మాయి. వేరే ఊరి నుంచి వచ్చి ఈ నగరంలో గది వెతుక్కున్న ఎవరికైనా అది తెలిసిన కథలానే ఉంటుంది. అడ్డు ఏమిటంటే, కుర్రాడికి తన మీద తనకు నమ్మకం లేకపోవడం. కాకపోతే రెండున్నర గంటలు దాటుతుంది, తెలుగు మాటల్లో కుర్రకారు వెటకారం ఎక్కువ. అందుకే మూడో స్థానంలో పెట్టాను.

ఏది ఖాయమైనా, శనివారం రాత్రే రెండు పనులు చేయండి. ఆ సినిమా ఏ యాప్‌లో ఉందో మీ స్నేహితురాలి టీవీలోనే తెరిచి చూడమనండి. హక్కులు చేతులు మారుతుంటాయి, నిరుడు ఉన్నచోట ఈ ఏడు ఉండదు. నలుగురు కూర్చున్నాక పాస్‌వర్డు కోసం వెతుక్కోవడం కంటే నీరసమైన ప్రారంభం లేదు. రెండో పని, సినిమా మొత్తం కాకపోయినా చివరి అరగంట మీరొకసారి చూడండి. ఎప్పుడో చూసిన సినిమాలో మనకు మంచివే గుర్తుంటాయి. ఇబ్బంది పెట్టే జోకు ఒకటి మర్చిపోయి ఉంటాం.

భోజనం ముందు పెట్టుకోకపోవడం మంచి ఆలోచన, అలాగే ఉంచండి. ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక ఏ సినిమా పెట్టినా నిద్రే. నాలుగింటికి మొదలుపెడితే ఆరున్నరకల్లా అయిపోతుంది, తర్వాత మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది, నెమ్మదిగా భోజనానికి లేవవచ్చు. తెర మీద ‘విశ్రాంతి’ అని పడినచోట నిజంగానే ఆపండి. టీ పెట్టుకోండి. ఆ పది నిమిషాలు చాలా విషయాలు చెబుతాయి. ఆమె ప్రశాంత్ గురించో, చిత్ర గురించో ఏదైనా మాట అన్నారంటే కథలో ఉన్నారు. ‘ఇంకా ఎంతసేపు ఉంటుంది?’ అని అడిగినా, మొదటి సగంలో ఫోను పదేపదే తీసినా, మొహమాటపడకుండా ‘ఇక్కడితో ఆపి అలా బయట నడిచివద్దామా?’ అనండి. మీ ఎంపిక తప్పిందని చిన్నబుచ్చుకోనక్కరలేదు, ‘మీకు నచ్చలేదా’ అని నాలుగుసార్లు అడగనూ అక్కరలేదు. థియేటరులో ఈ వెసులుబాటు ఉండదు.

చూస్తున్నంతసేపూ ‘ఇప్పుడు చూడండి, ఇప్పుడు భలే ఉంటుంది’ అని ముందే చెప్పే అలవాటు మీకుంటే, ఆ పూట నోటికి తాళం వేసుకోండి. నవ్వు వచ్చే చోట ఆమె నవ్వారో లేదో అని తల తిప్పి చూడటం కూడా వద్దు. మీరు చూస్తున్నారని తెలిస్తే పాపం, రాని నవ్వు తెచ్చుకోవాల్సి వస్తుంది.

థియేటరు సంగతి అడిగారు. మొదటిసారికి ఆ ఇల్లే మేలు. థియేటరులో మీకు దొరికేది ఆ వారం ఆడుతున్నదే, మీరు ఎంచుకున్నది కాదు. కొత్త సినిమా అయితే ముగింపు ఎవరికీ తెలియదు. సర్టిఫికెట్ కొంత సాయం చేస్తుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం యూఏ అన్నదాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు కాబట్టి, యూఏ 16+ అని ఉన్న ‘ప్రేమకథ’లో హింసో, బరువైన విషయమో ఉందని ముందే అనుమానించవచ్చు. కానీ చివర్లో ఏడిపిస్తుందో లేదో ఆ ముద్ర చెప్పదు. పాత సినిమాల రీ-రిలీజ్ ఇంకో రకం. అక్కడికి వచ్చేవాళ్లు సినిమా చూడటానికి రారు, పాటలు గొంతెత్తి పాడటానికి, కాగితాలు ఎగరేయడానికి వస్తారు. ఆ గోలలో మీకూ సరదాగానే ఉంటుంది, ఆమె పక్కన నిలబడి చెవులు మూసుకుంటారు. ఇద్దరికే గది ఇచ్చి కోరిన సినిమా వేసే అద్దె థియేటర్లు ఈమధ్య నగరంలో చాలా వచ్చాయి. వాటి ఊసు ఇప్పుడే ఎత్తకండి. అంతగా తెలియని మగమనిషితో తలుపు మూసిన గదిలో కూర్చోవడానికి ఏ అమ్మాయైనా రెండుసార్లు ఆలోచిస్తుంది, ఆలోచించాలి కూడా.

ఒకవేళ మీ మెసేజీకి ఆమె రెండు పేర్లూ పక్కనపెట్టి, ‘నిజం చెప్పాలంటే నాకు దయ్యాల సినిమాలు ఇష్టమండీ’ అని రాస్తే, ఇప్పటిదాకా నేను రాసిందంతా మడిచి పక్కన పెట్టేసి, ఆమె చెప్పిన దయ్యాన్నే పెట్టండి.